540 వాట్ల ప్యానెళ్లు ఆరు, రోజుకు ఎన్ని యూనిట్లు? ఒక డాబా మీద తేలిన లెక్క

ఇది శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి కాస్త లోపలికి ఉన్న ఒక చిన్న టౌనులో నేను చూసిన కేసు. ఊరి పేరు, ఇంటివాళ్ల పేర్లు రాయడం లేదు. ఇంటాయన రిటైరైన ఉపాధ్యాయుడు, కాబట్టి ఇక్కడ మాస్టారు అనే పిలుస్తాను. ఆ ఇంటికి సోలార్ పెట్టింది నేను కాదు. అది పెట్టి ఏడెనిమిది నెలలు గడిచాక, ఎవరో చెబితే నాకు ఫోన్ చేశారు.

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉన్న వాట్ల నుంచి రోజువారీ యూనిట్లకు రావడంలో రెండు రకాల తప్పులు జరుగుతాయి, ఈ ఇంట్లో ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లెక్కే తప్పు కావడం ఒకటి, లెక్క సరిగ్గా ఉన్నా డాబా మీద ఏదో అడ్డుపడడం ఇంకొకటి. మొదటిది సరిచేసేదాకా రెండోది అసలు కనబడలేదు.

ఇంట్లో ఏముంది, ఏం చెప్పి పెట్టారు

540 వాట్ల ప్యానెళ్లు ఆరు. అంటే 3240 వాట్లు, కిలోవాట్లలో 3.24. ఆరూ వరసగా కలిపి ఒకే స్ట్రింగుగా 3 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు ఇచ్చారు. దక్షిణ ముఖం, వాలు పదిహేను డిగ్రీల దాకా ఉంది. డాబాకు నైరుతి మూల మెట్ల గది, దాని మీద నల్ల నీళ్ల ట్యాంకు. మన వైపు దాదాపు ప్రతి ఇంట్లోనూ బరువూ ఎత్తూ నైరుతిలోనే ఉండాలంటారు కదా, ఇక్కడా అంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మే నెలలో బిగించారు. పెట్టేటప్పుడు పెట్టినవాళ్లు ఒక కాగితం మీద లెక్క వేసి ఇచ్చారు, మాస్టారు దాన్ని జాగ్రత్తగా దాచారు. 3.24 ఇంటూ 6 గంటల ఎండ, రోజుకు 19 యూనిట్లు. నెలకు 580 పైన. ఆ ఇంట్లో ఒక ఏసీ, ఫ్రిజ్, బోరు మోటారు ఉన్నాయి, అన్నిటికీ పోను ఇంకా మిగులుతుందని చెప్పారట.

మాస్టారికి రోజూ రాసే అలవాటు. జూన్ నుంచి ఇన్వర్టర్ తెర మీద ఆ రోజు తయారైన యూనిట్లు చూపే `E-Today` అంకెను రోజూ సాయంత్రం నోట్‌బుక్‌లో రాసుకున్నారు. నేను మొదట చూసేది కూడా ఇదే, అంకె ఎక్కడిది అని. చాలామంది నెట్ మీటర్‌లో ఎగుమతి రీడింగ్ చూసి ప్యానెళ్లు ఇచ్చింది అంతే అనుకుంటారు. పగలు ఇంట్లో వాడుకున్నది ఆ మీటరు దాకా రానే రాదు, ఇల్లు వాడుకోగా మిగిలిందే అక్కడ లెక్కకు వస్తుంది. మాస్టారి అంకెలు ఇన్వర్టర్‌వే కాబట్టి ఆ గొడవ లేదు.

ఆగస్టులో సగటున 10 యూనిట్లు. వానాకాలం కదా అని ఊరుకున్నారు. అక్టోబరు, నవంబరుల్లో మబ్బులు పోతే పెరుగుతుందనుకుంటే పెరగలేదు. డిసెంబరుకు 9కి దిగింది, అదీ ఆకాశం అద్దంలా ఉన్న రోజుల్లో.

"19 అన్నారు, 9 వస్తోంది, సగం ప్యానెళ్లు పాడైనట్టే కదా బాబూ" అని ఫోన్లో అడిగారు.

అప్పటికే చేసి చూసినవి

పెట్టినవాళ్లు రెండు పనులు చేశారు. ఒకటి, ప్యానెళ్లు కడిగించారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల కళ్లాల్లో నూర్పిళ్లు, పైగా ఆ వీధి చివర రైస్ మిల్లు, గాజు మీద సన్నటి పొట్టు దుమ్ము నిజంగానే ఉందట. కడిగాక 9.2 కాస్తా 9.5 అయింది. అంటే దుమ్ము తిన్నది నూటికి మూడు. రెండు, ఇన్వర్టర్ వారంటీలో మార్చారు. అంకె కదల్లేదు. ఇన్వర్టర్ మార్చడం ఎందుకు పనిచేయలేదో తర్వాత చెబుతాను, ఎందుకంటే తప్పు ఇన్వర్టర్‌కు సంబంధించిందే, కానీ ఇన్వర్టర్ పాడవలేదు.

నేను వెళ్లింది కనుమ వెళ్లిన రెండో రోజు. ఉదయం పదకొండున్నరకు డాబా ఎక్కాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. చేతి సోలార్ మీటరును ప్యానెల్ వాలులోనే పెట్టి చూస్తే చదరపు మీటరుకు 820 వాట్ల ఎండ. ప్యానెల్ వెనక థర్మామీటర్ తగిలిస్తే 50 డిగ్రీలు, బయట గాలి మాత్రం 28. తెర మీద `Pac`, అంటే ఆ క్షణంలో ఇన్వర్టర్ ఇస్తున్నది, 2190 వాట్లు.

ఇక్కడ ఆ స్టిక్కర్ మీది 540 అంటే ఏమిటో చెప్పాలి. ప్యానెల్ మీద చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగు పడుతూ, లోపలి సెల్ వేడి 25 డిగ్రీలే ఉన్నప్పుడు ప్రయోగశాలలో వచ్చిన వాట్లు అవి. మన డాబాల మీద ఈ రెండూ ఒకేసారి జరగడం దాదాపు లేదు. ఎండ బాగా ఉంటే సెల్ కాలిపోతుంటుంది, సెల్ చల్లగా ఉందంటే ఎండ పలచగా ఉన్నట్టు. ఆ ప్యానెల్ డేటా షీట్‌లో సెల్ వేడి 25 దాటాక ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతుందని ఉంది.

అందుకని ఆ నిమిషానికి లెక్క ఇలా కడతాం. 3240లో 820 వాట్ల ఎండకు తగ్గ భాగం 2657. వేడి 25 కన్నా 25 డిగ్రీలు ఎక్కువ, దానికి 9 శాతం దాకా పోతే 2420. తీగలు, ఇన్వర్టర్ సొంత ఖర్చు, ప్యానెళ్ల మధ్య చిన్నచిన్న తేడాలు, మిగిలిన దుమ్ము అన్నిటికీ కలిపి ఇంకో పది శాతం తీస్తే 2180. తెర మీద 2190. ఇంతకన్నా బాగా కలవదు.

ఆరు ప్యానెళ్లూ మంచివే, సందేహం లేదు. అదే మాట చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను, అక్కడే నేను తప్పు చేశాను. "19 అనేది తప్పు లెక్క మాస్టారూ, మన దగ్గర కిలోవాట్‌కు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు, మీకు 13 వస్తుంది, శీతాకాలం కాబట్టి ఇంకా తగ్గింది" అని చెప్పి పన్నెండున్నరకు బండెక్కాను.

ఆయన ఆ రాత్రి ఫోన్ చేశారు. "13 సరే బాబూ. తగ్గి తొమ్మిది అవుతుందా? నాలుగో వంతుకు పైగా శీతాకాలమే మింగేస్తుందా?" కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను జనవరికి లెక్క వేయలేదు. ఏడాది సగటు చెప్పి, మిగతాది శీతాకాలం మీదికి నెట్టేశాను.

జనవరి లెక్క

ఫోన్ పెట్టేసి కూర్చుని వేశాను. సూత్రం చిన్నదే.

```
యూనిట్లు/రోజు = (వాట్లు ÷ 1000) × పూర్తి ఎండ గంటలు × PR
```

పూర్తి ఎండ గంటలు అంటే పొద్దు పొడిచి గూకేదాకా ఉండే గంటలు కావు. 19 యూనిట్ల కాగితం రాసినవాళ్లు తడబడింది ఇక్కడే. కళ్లంలో ధాన్యం కొలిచినట్టు అనుకోండి. పొద్దున ఎనిమిదింటి ఎండ కుంచంలో పావు భాగం కూడా ఉండదు, పదింటికి సగం దాటుతుంది, మధ్యాహ్నానికి దాదాపు నిండుతుంది, మళ్లీ దిగుతుంది. ఆ వెలితి కుంచాలన్నీ ఒకచోట పోసి, నిండు కుంచాలుగా మళ్లీ కొలిస్తే ఎన్ని వస్తాయో అదీ మనకు కావలసిన అంకె. ఇక్కడ నిండు కుంచం అంటే ఒక గంటసేపు 1000 వాట్ల ఎండ. ఒక చదరపు మీటరు మీద రోజంతా పడిన వెలుగు 5 యూనిట్లయితే, పూర్తి ఎండ గంటలు 5. పదకొండు గంటలు ఎండ కాసినా లెక్కకు వచ్చేది ఆ అయిదే.

ఈ అంకెలు ఊహించనక్కర్లేదు. `PVGIS` సైటులో గానీ `NASA POWER` సైటులో గానీ మీ ఊరు మ్యాపు మీద పెడితే నెలవారీగా ఉచితంగా దొరుకుతాయి. ఒకటే జాగ్రత్త, నేలకు సమానంగా ఉన్న తలం మీద పడే ఎండ వేరు, దక్షిణానికి వాల్చిన తలం మీద పడేది వేరు. శీతాకాలంలో సూర్యుడు దక్షిణాన కిందుగా ఉంటాడు కాబట్టి వాల్చిన ప్యానెల్‌కు నేల కన్నా ఎక్కువ పడుతుంది. ఉత్తరాంధ్ర తీరానికి వాలు తలం మీద జనవరికి నేను 5 పెట్టుకుంటాను. ఏప్రిల్‌కు 6 దాకా, జులైకి 4 కాస్త పైన.

PR అంటే నష్టాలన్నీ పోగా చేతికి మిగిలే భాగం. జనవరికి నేను కట్టేది ఇలా. వేడికి 9 శాతం, దుమ్ముకు 3, తీగలకు 2, ఇన్వర్టర్‌కు 3, ప్యానెళ్ల మధ్య తేడాలకు 3, పొద్దునా సాయంత్రం ఏటవాలుగా పడే పలుచని ఎండకు 4. వీటిని కూడితే 24 వస్తుంది, కానీ కూడకూడదు. ఒకటి తీసుకున్నాక మిగిలినదాంట్లోంచే ఇంకొకటి తీసుకుంటుంది కాబట్టి మిగిలే భాగాలను గుణించాలి. అలా చేస్తే 0.78.

```
3.24 × 5 × 0.78 = 12.6
```

ఈ అంకె చూశాక నాకు ఒక్క క్షణం కూర్చోబుద్ధి కాలేదు. 19 తప్పు, నిజమే. కానీ 9.5 కూడా తప్పే. జనవరిలో మన దగ్గర తగ్గేది ఏమంత లేదు. పగలు చిన్నదే, అయినా ఆకాశం తేటగా ఉంటుంది, వాలు కలిసొస్తుంది, ప్యానెల్ మే నెలలో అంత కాలదు. మన తీరంలో నిజంగా పడిపోయేవి వాన నెలలు, చలి నెలలు కావు. "శీతాకాలం కదా" అన్న నా మాటకు ఆధారమే లేదు. రోజుకు మూడు యూనిట్లు ఎక్కడో పోతున్నాయి.

ఇంకోటి కూడా అప్పుడే అర్థమైంది. 19తో పోల్చినంతకాలం ఆ ఇంట్లో పదో తొమ్మిదో ఏ అంకె వచ్చినా ఒకటే, అన్నీ ఘోరంగా తక్కువే. వానాకాలం 10 నిజానికి సరైన అంకె, ఎందుకంటే ఆ నెలలకు నా లెక్కలో 10న్నర దాకానే వస్తుంది. డిసెంబరు 9 మాత్రం జబ్బు. రెండూ పక్కపక్కనే ఉన్నా తేడా ఎవరికీ తెలియలేదు. సరైన కొలత చేతిలో లేకపోవడంతో సరైన నెలలూ తప్పు నెలలూ ఒకేలా కనిపించాయి.

గంటగంటకూ రాయమన్నాను

మధ్యాహ్నం పన్నెండుకు ప్యానెళ్లు సరిగ్గా ఇస్తున్నాయని నా కళ్లారా చూశాను. కాబట్టి పోతున్నది వేరే వేళ పోతోంది. వాట్లు అంటే ఆ క్షణంలో పారే వేగం, యూనిట్లు అంటే రోజంతా పారి తొట్టిలో చేరిన నీళ్లు. నేను ఒక్క క్షణం వేగం చూసి తొట్టి నిండుతుందని చెప్పి వచ్చేశాను.

మర్నాడు పొద్దున మాస్టారికి ఫోన్ చేసి, ఆ ఒక్క రోజు `E-Today` గంటకోసారి రాయమన్నాను. ఆయన రాసి ఫొటో పెట్టారు. పన్నెండుకు 6.0. ఒంటిగంటకు 8.1. రెండుకు 8.8. మూడుకు 9.3. సాయంత్రం అయిదుకు 9.6.

చూడగానే తెలిసిపోతుంది. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా 2.1 యూనిట్లు వచ్చాయి, ఆ తర్వాత గంటలో 0.7. ఎండ అంత త్వరగా పడిపోదు.

దీని మీద నేను ఇప్పుడు అందరికీ చెప్పే ఒక చిన్న పరీక్ష ఉంది. దక్షిణ ముఖంగానో, సమతలంగానో ఉన్న ప్యానెళ్లకు మబ్బు లేని రోజున మధ్యాహ్నం ముందు ఎంత వచ్చిందో తర్వాతా దాదాపు అంతే రావాలి. శ్రీకాకుళంలో జనవరి నడిమికి సూర్యుడు నడినెత్తి గీత దాటేది గడియారంలో పన్నెండూ అయిదుకు కాస్త అటూఇటూ. ఆ వేళకు తెర మీద ఉన్న అంకెను రెట్టింపు చేయండి. ఇక్కడ 6.2 అనుకుంటే రోజు మొత్తం 12.4 రావాలి. నేను రాత్రి కట్టిన 12.6కు దగ్గరే. వచ్చింది 9.6. అంటే పొద్దుటి సగంలో ఏ లోటూ లేదు, లోటంతా మధ్యాహ్నం తర్వాతే. మబ్బులున్న రోజున ఈ పరీక్ష పనికిరాదు, తూర్పుకో పడమటికో తిప్పిన ప్యానెళ్లకూ పనికిరాదు.

మూడింటికి డాబా మీద

రెండోసారి ఒంటిగంటకు ముందే వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒంటిగంటా పావుకు మెట్ల గది నీడ పడమటి చివరి ప్యానెల్ అంచును తాకింది. రెండు అయ్యేసరికి మెట్ల గదీ, దాని మీది ట్యాంకూ కలిసి రెండు ప్యానెళ్లను పూర్తిగా కప్పేశాయి. ట్యాంకు గుండ్రటి నీడ రెండో ప్యానెల్ మీద పరుచుకుని ఉంది, పక్కనే మూడోది మెరుస్తోంది.

మేలో బిగించినవాళ్లకు ఈ నీడ కనిపించే అవకాశమే లేదు. శ్రీకాకుళం 18 డిగ్రీల పైచిలుకు అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. జనవరిలో మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు దిగంతం నుంచి ముప్పై డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, దిక్కు చూస్తే సరిగ్గా నైరుతి. వస్తువు ఎంత ఎత్తో దానికి ఒకటిన్నర రెట్లకు పైగా నీడ ఈశాన్యం వైపు పడుతుంది. మెట్ల గదీ ట్యాంకూ కలిసి ప్యానెళ్ల కన్నా తొమ్మిది అడుగులు ఎత్తు, నీడ పదిహేను అడుగులు. మొదటి ప్యానెల్ మెట్ల గదికి అయిదడుగుల దూరంలో ఉంది.

అయితే నాకు ఒక విషయం కుదరలేదు. ఆరింట్లో రెండు ప్యానెళ్లు నీడలో ఉంటే మూడో వంతు పోవాలి. ఇక్కడ మూడింట రెండు వంతులు పోతోంది. తెర చూశాను. ప్యానెళ్ల వోల్టులు చూపే `Vpv` 233, ఆంపియర్లు చూపే `Ipv` 2.6. అంటే దాదాపు 600 వాట్లు.

ఆ రెండు అంకెల్లోనే జవాబు ఉంది. ఆరు ప్యానెళ్లూ వరసగా కలిపినప్పుడు ఒకే కరెంటు ఆరింటి గుండా పోవాలి. ఆ ఎండకు మంచి ప్యానెల్ 9 ఆంపియర్లు ఇవ్వగలదు, నీడలోది ఆకాశపు వెలుగుతో రెండున్నరకు మించి ఇవ్వలేదు. అందుకే ప్రతి ప్యానెల్ వెనక పెట్టెలో బైపాస్ డయోడ్లు ఉంటాయి, నీడపడ్డ భాగాన్ని దాటేసి కరెంటు పక్కదారిన పోతుంది. అప్పుడు ఇన్వర్టర్ ముందు రెండు దారులు. ఆరింటినీ పట్టుకుని 233 వోల్టులు, రెండున్నర ఆంపియర్లతో కుంటుకుంటూ నడవడం ఒకటి. రెండింటిని వదిలేసి నాలుగింటితో 150 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు తీసుకోవడం ఇంకొకటి, దాంట్లో 1350 వాట్లు వస్తాయి. ఇన్వర్టర్ తానున్న వోల్టేజీకి కాస్త అటూ ఇటూ మాత్రమే తడుముతూ ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ ఉంటుంది. పొద్దుటి నుంచి 230 దగ్గర ఉంది, నీడ పడ్డాక కూడా ఆ చుట్టుపక్కలే వెతుక్కుంది, 150 దాకా దిగి చూడలేదు. వోల్టేజీ తగ్గకుండా ఆంపియర్లు మాత్రమే కూలిపోయాయంటే ఇదీ గుర్తు.

ఇన్వర్టర్ మార్చినా లాభం లేకపోయింది అందుకే. కొత్తది కూడా అదే మోడల్, అదే సెట్టింగ్.

ఏం చేశాం, ఏం చేయలేదు

ఆ ఇన్వర్టర్ మెనూలో నీడ స్కాన్ అనే సెట్టింగ్ ఉంది, ఆఫ్‌లో ఉంది. ఆన్ చేస్తే కొన్ని నిమిషాలకోసారి వోల్టేజీ మొత్తం పైనుంచి కిందదాకా ఒకసారి వెతుకుతుంది. కళ్ల ముందే 233 కాస్తా 149కి దిగింది, ఆంపియర్లు 9.1కి లేచాయి. ఖర్చు పైసా లేదు. తర్వాతి మూడు తేట రోజుల్లో 10.9 దగ్గర నిలిచింది. వెతికే ప్రతిసారీ కొన్ని సెకన్ల ఉత్పత్తి పోతుంది కాబట్టి నీడే లేని డాబా మీద ఇది ఆన్ చేయనక్కర్లేదు.

మిగిలిన యూనిట్నరకు మాత్రం ప్యానెళ్లను నీడలోంచి బయటికి తేవాల్సిందే. నాలుగు దారులు చర్చించాం. ట్యాంకు తీసి వేరేచోట పెట్టడానికి అమ్మగారు ఒప్పుకోలేదు. "నైరుతిలో ఉన్నది కదపడమేటి బాబూ" అన్నారు. నేనూ బలవంతం చేయలేదు, ఎందుకంటే ట్యాంకు పోయినా మెట్ల గది నీడ ఉంటుంది, దానితో సగం బాధే తీరుతుంది. స్టాండు అయిదడుగులు ఎత్తడం నాకు ఇష్టం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లా మీద నుంచే పోయింది, ఎత్తు పెరిగేకొద్దీ గాలి లాగే బలం పెరుగుతుంది, పాత స్లాబులో వేసిన బోల్టుల మీద నేను ఆ పందెం కాయను. ప్రతి ప్యానెల్ విడిగా పనిచేసేలా చూసే ఆప్టిమైజర్‌ను ప్యానెల్‌కొకటి చొప్పున పెట్టొచ్చు, కానీ స్కాన్ ఇప్పటికే దానికి దగ్గర పని చేస్తోంది, నీడలో లేని ఎండను ఏ పరికరమూ తేలేదు.

నాలుగోది చేశాం. పడమటి చివరి రెండు ప్యానెళ్లనూ విప్పి, వరసకు తూర్పు చివర బిగించాం. అక్కడ బట్టలారేసే తీగ ఉండేది, దాన్ని పడమటికి మార్చాం. వాలూ ముఖమూ మిగతా నాలుగింటికి ఎలా ఉన్నాయో అలాగే ఉంచాం. అది ముఖ్యం, ఒకే స్ట్రింగులో రెండు ప్యానెళ్లను తూర్పుకు తిప్పితే వాటికి ఎండ తక్కువైన వేళ మళ్లీ ఇదే కరెంటు తగాదా మొదలవుతుంది. కాస్త కొత్త కేబుల్, రెండు పట్టీలు, ఒక రోజు కూలీ, అంతే అయ్యింది.

జనవరి ఆఖరు వారం తేట రోజుల్లో 12.2, 12.3 వచ్చాయి. 12.6కు తక్కువైన ఆ కొంచెం ఎక్కడిదో కూడా చూశాను. పావు తక్కువ నాలుగు దాటాక నీడ ఇంకా పొడుగై, ఇప్పుడు పడమటి చివర ఉన్న ప్యానెల్‌ను తాకుతోంది. ఆ వేళకు ఎండలో సత్తువ ఎలాగూ ఉండదు, వదిలేశాం.

కాగితం మార్చి రాశాం

మాస్టారి దగ్గరున్న 19 యూనిట్ల కాగితం స్థానంలో నెలవారీ అంకెలు రాసిచ్చాను. జనవరి 12 నుంచి 12న్నర, ఏప్రిల్ 14న్నర, జులై 10న్నర అని ఇలా. ఏప్రిల్‌లో ఎండ ఎక్కువే, 6 పెట్టాను, కానీ PR 0.75కు తగ్గించాను. ఎండాకాలం గాలి 38 ఉంటే సెల్ 60 దాటుతుంది, వేడి ఒక్కటే 13 శాతం దాకా తినేస్తుంది. ఎండ మండిపోతుంటే యూనిట్లు విపరీతంగా రావాలని అందరూ అనుకుంటారు, పెరుగుదలలో కొంత వేడికే పోతుంది. ఏడాది మొత్తానికి 4,700 యూనిట్ల చుట్టుపక్కల. పాత కాగితం ప్రకారం 7,000 దాటాలి. రెండు ఏసీల ఇల్లు వేసుకుందామని ఆ 7,000 నమ్మి ఎవరైనా ప్లాను వేసుకుంటే వాళ్ల పరిస్థితి ఏమిటని ఆలోచిస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అప్పు చేసి పెట్టుకునేవాళ్లు చాలామంది.

ఆ కాగితం మీద ఇంకో వాక్యం రాశాను. ఇవి నెల సగటులు, ఒక్క రోజు అంకెను వీటితో పోల్చొద్దు. జులైలో ముసురు పట్టిన రోజు 4 రావచ్చు, మర్నాడు తెరిపిస్తే 14 రావచ్చు, రెండూ మంచి ప్యానెళ్ల అంకెలే. సరిపోల్చాలంటే నెల మొత్తం తీసుకుని రోజులతో భాగించాలి, తేడా పదో వంతు దాటితే అప్పుడు నన్ను పిలవమన్నాను. ఎండ ఏడాదికేడాదికీ కాస్త మారుతుంది, అంతకన్నా చిన్న తేడాకు కారణం వెతికితే దొరకదు.

నా పద్ధతి కూడా మారింది. ఏ నెలలో డాబా చూడబోయినా సరే, డిసెంబరు మధ్యాహ్నం మూడింటి సూర్యుడు ఎక్కడుంటాడో ఫోన్‌లో సూర్యుడి దారి చూపే యాప్‌తో చూసి, మెట్ల గది, ట్యాంకు, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో డాబా మీదే గీస్తాను. ఆ గీతకు అవతలే ప్యానెల్ పెడతాను. పొద్దున తొమ్మిదికి కూడా ఒక గీత, అది తూర్పు వైపు అడ్డాల కోసం.

మాస్టారు నెలనెలా అంకె పంపుతూనే ఉన్నారు. ఏప్రిల్‌లో 14.3, జులైలో 10.1. డిసెంబరు రెండో వారంలో ఆ ఊరి పక్క పని మీద వెళ్లినప్పుడు, కావాలనే మూడింటికి వాళ్ల డాబా ఎక్కాను. ట్యాంకు నీడ బట్టలారేసే తీగ మీద పడి ఉంది. ఆరు ప్యానెళ్లూ ఎండలో ఉన్నాయి. తెర మీద 10.6 చూపిస్తోంది, ఇంకా పొద్దు ఉంది.